12% వడ్డీకి 24,000 ఫోన్: కౌంటర్‌లో నెలకి 2,240 అన్నారు, కాలిక్యులేటర్‌లో 2,132 వస్తోంది. ఏది కరెక్ట్?

హరిత_క · మంగళవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. పాత ఫోన్ స్క్రీన్ సగం నల్లబడిపోయింది, ఇంక తప్పదని కొత్తది చూశాను. ధర 24,000. ఒకేసారి కట్టేస్తే ఈ నెల ఇబ్బంది అవుతుంది కాబట్టి ఈఎంఐ అడిగాను. "12 శాతం ఫిక్స్‌డ్ వడ్డీ మేడమ్, 12 నెలలు, నెలకి 2,240" అన్నాడు ఫైనాన్స్ అబ్బాయి. డౌన్ పేమెంట్ లేదు. మొదటి కిస్తీ వచ్చే నెల 5న.

ఇంటికొచ్చి ఈఎంఐ కాలిక్యులేటర్‌లో అవే అంకెలు వేశాను. 24,000, 12%, 12 నెలలు. 2,132 చూపిస్తోంది. నెలకి 108 తేడా. రెండుసార్లు వేశాను, అదే వచ్చింది. అబ్బాయి లెక్క తప్పా, నా లెక్క తప్పా, లేక మోసమా? మొత్తం మీద నేను ఎక్కువ కట్టేది ఎంత? ఇంకా సంతకం పెట్టలేదు.

---

వడ్డికాసులు · మంగళవారం రాత్రి 9:30

మోసం ఏం లేదు. అది ఫ్లాట్ వడ్డీ. 24,000 మీద 12 శాతం అంటే 2,880. రెండూ కలిపితే 26,880. దాన్ని 12తో భాగిస్తే సరిగ్గా 2,240. మీరు ఎక్కువ కట్టేది 2,880, అంతే.

కాలిక్యులేటర్ తగ్గే బాకీ మీద లెక్క వేస్తుంది, అందుకే తక్కువ వచ్చింది. ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: ఫ్లాట్ వడ్డీని రెండుతో గుణిస్తే అసలు వడ్డీ వస్తుంది. అంటే మీది 24 శాతం.

---

పాతబండి · మంగళవారం రాత్రి 9:41

నేను కూడా ఈఎంఐలోనే తీసుకున్నాను చెల్లీ, నాకు రూపాయి కూడా ఎక్కువ పడలేదు. నో కాస్ట్ అని ఉంటుంది, అది అడుగు. వడ్డీ ఎంత పడుతుందో అంత డిస్కౌంట్ ముందే ఇచ్చేస్తారు. నువ్వు అడగలేదు కాబట్టి వడ్డీ వేశాడు.

---

హరిత_క · మంగళవారం రాత్రి 9:50

@పాతబండి అన్నా, అడిగాను. ఈ మోడల్‌కి లేదట, క్రెడిట్ కార్డు ఉంటే పాత మోడల్ మీద ఉందట. నాది వడ్డీ ఉన్న ఆఫరే. దాని లెక్క అర్థం చేసుకుందామని అడుగుతున్నా.

@వడ్డికాసులు గారూ, 12 అని చెప్పి 24 ఎలా అవుతుంది? నెలకి 240 వడ్డీ, 2,000 అసలు అనుకున్నాను నేను. 240 అంటే 24,000 మీద ఒక శాతమే కదా, సంవత్సరానికి 12 శాతమే.

---

ఆడిట్_అక్క · మంగళవారం రాత్రి 10:25

హరితా, నీ ప్రశ్నలోనే సమాధానం ఉంది. నెలకి 240 వడ్డీ అన్నావు చూడు, మొదటి నెల అది సరే. నీ చేతిలో వాళ్ళ డబ్బు 24,000 ఉంది, దాని మీద 240. కానీ రెండో నెలకి నువ్వు 2,000 తీర్చేశావు, నీ దగ్గర ఉన్నది 22,000. అయినా 240 తీసుకుంటారు. ఆరు నెలలయ్యాక నీ దగ్గర 12,000 ఉంటుంది, అయినా 240. ఆఖరి నెల నీ దగ్గర వాళ్ళ డబ్బు 2,000 మాత్రమే. దానికీ 240. రెండు వేలకి నెలకి 240 అంటే ఎంత వడ్డీయో నువ్వే చూసుకో.

సంవత్సరం మొత్తం మీద సగటున నీ దగ్గర ఉన్న వాళ్ళ డబ్బు ఎంత? 24,000, 22,000, 20,000 ఇలా 2,000 దాకా కూడి 12తో భాగిస్తే 13,000. నువ్వు కట్టే వడ్డీ 2,880. పదమూడు వేలు వాడుకుని 2,880 కడితే 22 శాతం పైనే. ఇది చేతి లెక్క. అప్పు ఇచ్చేవాళ్ళు వేసే పద్ధతిలో వేస్తే 21.5 వస్తుంది. షీట్‌లో ఇలా వేసి చూడు:

```
=PMT(12%/12, 12, -24000)
=RATE(12, -2240, 24000)*12
```

మొదటిది 2,132.37 ఇస్తుంది, అది నీ కాలిక్యులేటర్ లెక్క. రెండోది 0.2146 దగ్గర ఇస్తుంది, అది కౌంటర్ వాళ్ళ 2,240 వెనక ఉన్న అసలు వడ్డీ.

@వడ్డికాసులు రెండింతలు అనేది మోటు లెక్క. గడువు 12 నెలలైతే రెండింతలకంటే తక్కువే వస్తుంది, ఎందుకంటే మొదటి నెలంతా పూర్తి అప్పు చేతిలోనే ఉంటుంది.

---

రిటైర్డ్_మాస్టారు · బుధవారం ఉదయం 6:05

అమ్మాయ్, శాతాలు వదిలేసి మన పద్ధతిలో చెప్తాను. 12 శాతం అంటే నూటికి నెలకి రూపాయి వడ్డీ. ఊళ్ళో ఎవరైనా రూపాయి వడ్డీకి ఇస్తే ఎవరూ పెద్దగా భయపడరు. కానీ ఊళ్ళో రూపాయి వడ్డీకి తెస్తే అసలు సంవత్సరం పాటు నీ దగ్గరే ఉంటుంది, చివర్లో తీరుస్తావు. ఇక్కడ ప్రతి నెలా అసలులో ముక్క లాగేసుకుంటూ, వడ్డీ మాత్రం మొత్తం అసలు మీదే తీసుకుంటున్నారు. అక్కయ్యగారు చెప్పిన 21.5 శాతాన్ని నెలకి చేస్తే నూటికి 1.79. అంటే రూపాయి ముప్పావలా వడ్డీ, ఇంకో నాలుగు పైసలు పైన. రూపాయి అని చెప్పి రూపాయి ముప్పావలా తీసుకుంటున్నారన్నమాట.

మా నాన్న కిరాణా కొట్టు బాకీ చిట్టాలో అసలు తగ్గిన కొద్దీ వడ్డీ తగ్గించి రాసేవాడు. అది చూసి పెరిగినవాణ్ణి, నాకు ఈ ఫ్లాట్ అన్న మాటే నచ్చదు.

---

వడ్డికాసులు · బుధవారం ఉదయం 8:20

సరే, రెండింతలు కాదు, దగ్గర దగ్గర. ఒప్పుకుంటా. కానీ చివరికి ఆమె జేబులోంచి పోయేది 2,880 కదా? పేరు 12 అన్నా 21 అన్నా 2,880 మారదు. రూపాయల్లో ఆలోచిస్తే చాలు.

---

ఆడిట్_అక్క · బుధవారం ఉదయం 8:47

మారదు, నిజమే. ఒకే ఒక్క ఆఫర్ ఉంటే శాతం అక్కర్లేదు, రూపాయలు చాలు. రెండు ఆఫర్లు పక్కపక్కన పెట్టినప్పుడే శాతం మనల్ని ముంచుతుంది. ఉదాహరణకి ఎవరికైనా కార్డు ఉంది, బ్యాంకు 15 శాతానికి ఈఎంఐ ఇస్తానంటోంది. కౌంటర్‌లో 12 శాతం. ఏది ఎంచుకుంటారు? పదిమందిలో తొమ్మిదిమంది 12 అంటారు.

కార్డు 15 శాతం తగ్గే బాకీ మీద. నెలకి 2,166, మొత్తం వడ్డీ 1,994. కార్డు అప్పు కాబట్టి ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ కూడా కట్టాలి, అది 359. మొత్తం 2,353. కౌంటర్ 12 శాతం మీద 2,880. పదిహేను శాతం అన్నదే 500 తక్కువ.

కార్డు వాళ్ళకి ఇంకో మాట. ఈఎంఐ 2,166 అని చెప్తారు కానీ మొదటి నెల స్టేట్‌మెంట్‌లో 2,220 కనిపిస్తుంది. మొదటి నెల వడ్డీ 300, దాని మీద జీఎస్‌టీ 54 కలిసి వస్తుంది కాబట్టి. అది నెల నెలా తగ్గుతుంది, ఆఖరి నెలకి ఐదు రూపాయలకి దిగుతుంది. అది చూసి టెన్షన్ పడక్కర్లేదు.

---

పాతబండి · బుధవారం ఉదయం 9:15

ఆగండాగండి. వడ్డీ మీద జీఎస్‌టీ అంటే? నాది నో కాస్ట్ కదా, నాకూ పడిందా?

(పది నిమిషాల తర్వాత) పాత స్టేట్‌మెంట్లు తీసి చూశా. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద పన్ను 36. ఆపైన ప్రతి నెలా చిన్న చిన్న జీఎస్‌టీ లైన్లు. మొత్తం కలిపితే 400 దాటింది. రూపాయి కూడా పడలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్తూ తిరిగాను.

---

ఆడిట్_అక్క · బుధవారం ఉదయం 9:40

@పాతబండి డిస్కౌంట్ వడ్డీకి సరిపోతుంది, వడ్డీ మీద పన్నుకి కాదు. బ్యాంకు దృష్టిలో నువ్వు వడ్డీ కట్టినట్టే. సున్నా శాతం వడ్డీ అనే మాటే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు రూపంలో దాచి తీసుకుంటున్నారని కూడా అందులో అంది.

---

కౌంటర్_కుర్రాడు · బుధవారం మధ్యాహ్నం 1:10

మూడేళ్ళు అలాంటి కౌంటర్‌లోనే కూర్చున్నాను, ఇప్పుడు మానేశా. కాబట్టి తిట్టొద్దు.

మేం అబద్ధం చెప్పమండీ. మాకు ఇచ్చిన కాగితం మీద ఫ్లాట్ అనే ఉంటుంది, అదే చెప్తాం. కస్టమర్లు కూడా "నెలకి ఎంత" అనే అడుగుతారు, "మొత్తం ఎంత" అని అడిగినవాళ్ళు నాకు గుర్తున్నంతవరకు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

హరిత గారూ, మీరు అడగాల్సినవి రెండు ఉన్నాయి. మొదటిది, మొదటి కిస్తీ ఎప్పుడు. మీకు వచ్చే నెల 5 అన్నారు, మంచిది. కొన్ని స్కీముల్లో మొదటి కిస్తీ కౌంటర్‌లోనే కట్టించుకుంటారు. మేం 12/4 అనేవాళ్ళం, అంటే పన్నెండు కిస్తీల్లో నాలుగు ముందే కట్టాలి. జనం దాన్ని డౌన్ పేమెంట్ అనుకుంటారు. కాదు. డౌన్ పేమెంట్ కడితే అప్పు తగ్గి వడ్డీ తగ్గుతుంది. ముందు కిస్తీ కడితే వడ్డీ తగ్గదు, అప్పు మాత్రం ఆ రోజే తగ్గిపోతుంది.

రెండోది, అప్పు మొత్తం ఎంత రాస్తున్నారో చూడండి. స్క్రీన్ పగిలితే బాగుచేసే ప్లాన్ ఒకటి ఉంటుంది. 1,499 అనుకోండి. బిల్లులో విడిగా వేయకుండా అప్పులో కలిపేస్తారు. అప్పుడు అప్పు 25,499 అవుతుంది, దాని మీద వడ్డీ, కిస్తీ 2,240కి బదులు 2,380. నూట నలభై తేడా అని ఎవరూ పట్టించుకోరు. మీకు 2,240 అన్నారంటే అది కలపలేదు.

---

ఆడిట్_అక్క · బుధవారం మధ్యాహ్నం 2:02

@కౌంటర్_కుర్రాడు ముందు కిస్తీ గురించి చెప్పినందుకు థాంక్స్. ఒక్క కిస్తీ ముందే కట్టించుకున్నా హరిత కట్టే అదనం అదే 2,880. కానీ ఆమె నిజంగా అప్పు తీసుకున్నది 21,760 మాత్రమే, పదకొండు కిస్తీలు కట్టాలి. లెక్క వేస్తే 21.5 కాస్తా 25.6 అవుతుంది. ఒక్క కిస్తీ నెల రోజులు ముందుకి జరిపినందుకు.

హరితా, సంతకం పెట్టేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అడుగు. 2024 అక్టోబర్ 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి అప్పులకి అది ఇచ్చి తీరాలి, నీకు అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటుంది, నెలవారీ పట్టిక ఉంటుంది. ఇచ్చాక నువ్వు ఒప్పుకోవడానికి కనీసం మూడు పనిదినాలు గడువు ఉండాలి. "ఆఫర్ ఇవాళే అయిపోతుంది" అంటే, అది ఫోన్ ఆఫర్ సంగతి కావచ్చు, అప్పు కాగితానికి మాత్రం గడువు ఉంది. అందులో లేని ఫీజు తర్వాత నీ అనుమతి లేకుండా వేయకూడదు.

---

హరిత_క · బుధవారం రాత్రి 8:35

ఆఫీసు నుంచి వస్తూ మళ్ళీ వెళ్ళాను. అడిగితే మొదట "అవన్నీ యాప్‌లో వస్తాయి మేడమ్, ఓటీపీ చెప్పండి" అన్నాడు. ఓటీపీ ఇవ్వను, కాగితం చూపించండి అన్నా. కాసేపు నసిగి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపాడు.

కానీ అక్కా, అందులో ఏపీఆర్ 26.31 అని ఉంది! మీరు 21.5 అన్నారు. 12 అన్నది 21.5 అయింది, 21.5 కాస్తా 26 అయింది, ఇంకా సంతకం పెట్టకముందే. పట్టికలో మొదటి నెల వడ్డీ 429, అసలు 1,811 అని ఉంది. నేను అనుకున్న 240, 2,000 ఎక్కడా లేవు. ఆఖరి నెల వడ్డీ 39.

---

రిటైర్డ్_మాస్టారు · బుధవారం రాత్రి 8:50

ఫీజు ఏమైనా ఉందేమో చూడమ్మా.

---

హరిత_క · బుధవారం రాత్రి 8:58

ఉంది మాస్టారూ. ప్రాసెసింగ్ ఫీజు 499, జీఎస్‌టీ 89.82. మొత్తం 588.82. ఇది నాకు నోటితో ఎవరూ చెప్పలేదు.

---

ఆడిట్_అక్క · బుధవారం రాత్రి 9:20

అదే. ఏపీఆర్‌లో ఫీజులు కూడా కలుస్తాయి. 24,000 అప్పు ఇస్తున్నామంటూ 589 ఆ రోజే వెనక్కి తీసుకుంటున్నారు. అంటే నీకు అందేది 23,411. కిస్తీ మాత్రం 2,240యే. ఇలా వేస్తే నీ కాగితం మీది అంకె వస్తుంది:

```
=RATE(12, -2240, 23411.18)*12
```

కాబట్టి ఆ కాగితం తప్పు కాదు. నిజం చెప్పింది అదొక్కటే. నీ మొదటి ప్రశ్నకి ఇప్పుడు పూర్తి సమాధానం: నెలకి 2,240, అదనం 2,880 వడ్డీ, 589 ఫీజు, కలిపి 3,469.

పట్టిక గురించి. వాళ్ళ పుస్తకాల్లో ఈ అప్పు 12 శాతం ఫ్లాట్‌గా ఉండదు, 21.46 శాతం తగ్గే బాకీగా ఉంటుంది. అందుకే మొదటి నెల వడ్డీ 429. ఇది మధ్యలో తీర్చేద్దామనుకుంటే తెలుస్తుంది. ఆరు కిస్తీలు కట్టాక సగం అయిపోయింది, 12,000 కడితే చాలు అనుకుంటావు. పట్టికలో చూస్తే మిగిలిన బాకీ 12,637 ఉంటుంది.

---

వడ్డికాసులు · బుధవారం రాత్రి 9:44

సగంలో తీర్చేస్తే వడ్డీలో సగం, 1,440 మిగలాలి కదా?

---

ఆడిట్_అక్క · బుధవారం రాత్రి 9:58

మిగలదు. ఆరు కిస్తీలకి 13,440 కట్టింది, మీద 12,637. మొత్తం 26,077. పూర్తిగా నడిపిస్తే 26,880. మిగిలేది 803. వడ్డీలో ఎక్కువ భాగం మొదటి నెలల్లోనే లాగేసుకుంటారు. ఇక ముందే తీర్చినందుకు ఛార్జీ ఉంటే, ఉదాహరణకి మిగిలిన బాకీ మీద 3 శాతం, దానికి జీఎస్‌టీ, అది ఒక 447. చేతికి మిగిలేది 356. హరితా, ఆ ఛార్జీ నీ కాగితంలో ఎంత రాశారో చూసుకో.

---

పాతబండి · బుధవారం రాత్రి 10:15

ఈ 356 రూపాయల కోసం కస్టమర్ కేర్‌తో గంట మాట్లాడాలి. నేనైతే వదిలేస్తా.

---

కౌంటర్_కుర్రాడు · గురువారం ఉదయం 10:30

ఒకటి అడగడం మర్చిపోయా. హరిత గారూ, మొత్తం ఒకేసారి కడితే ఎంత అని అడిగారా? చాలా మోడల్స్ మీద డబ్బు కట్టేవాళ్ళకి తగ్గిస్తారు. ఈఎంఐ వాళ్ళకి తగ్గించరు.

---

హరిత_క · గురువారం మధ్యాహ్నం 1:22

ఇప్పుడే ఫోన్ చేశాను. ఒకేసారి కడితే 23,000 అట. వెయ్యి తగ్గింపు.

---

రిటైర్డ్_మాస్టారు · గురువారం మధ్యాహ్నం 1:50

అయితే ఆ ఫోన్ ధర 23,000 అమ్మాయ్. 24,000 అన్నది అప్పు చేసేవాళ్ళ కోసం పెట్టిన ధర. నువ్వు చివరికి కట్టేది 26,880, ఫీజుతో 27,469. ఎక్కువ పడేది 4,469.

---

వడ్డికాసులు · గురువారం మధ్యాహ్నం 2:15

ఇది ఒప్పుకోను మాస్టారూ. వెయ్యి తగ్గింపు దుకాణం ఇష్టం, వడ్డీ ఫైనాన్స్ కంపెనీది. రెండింటినీ కలిపేస్తే ఎలా? రేపు పండగ ఆఫర్ వచ్చి ఇంకో రెండు వేలు తగ్గితే అదీ వడ్డీయేనా?

---

రిటైర్డ్_మాస్టారు · గురువారం మధ్యాహ్నం 2:40

రేపటి సంగతి నాకెందుకు నాయనా. ఇవాళ ఒకే కౌంటర్ ముందు ఇద్దరు నిలబడ్డారు. ఒకడు 23,000 ఇచ్చి పట్టుకెళ్ళాడు. ఇంకొకడు సంవత్సరంలో 27,469 కట్టాడు. ఇద్దరికీ ఒకే ఫోన్. తేడా దేనికి కట్టినట్టు?

---

ఆడిట్_అక్క · గురువారం సాయంత్రం 5:05

కాగితం మీద @వడ్డికాసులు రైటు, ఏపీఆర్‌లో ఆ వెయ్యి కలవదు. కానీ హరిత నిర్ణయం తీసుకోవడానికి మాస్టారి లెక్కే పనికొస్తుంది. 23,000 దగ్గర్నుంచి చూసి, ఫీజు కూడా తీసేసి వేస్తే ఏడాదికి 35 శాతం దగ్గరకొస్తుంది. మాస్టారి భాషలో మూడు రూపాయల వడ్డీకి ఎనిమిది పైసలు తక్కువ.

---

వడ్డికాసులు · గురువారం సాయంత్రం 5:30

రూపాయి వడ్డీతో మొదలుపెట్టి మూడు రూపాయలకి తెచ్చారు. ఇంకో రెండు రోజులు ఆగితే ఐదు చేస్తారు. తగ్గింపు వడ్డీ కాదు అన్న మాట మీదే ఉన్నా.

---

హరిత_క · గురువారం రాత్రి 9:05

నా దగ్గర ప్రస్తుతం 10,000 ఉన్నాయి. అది డౌన్ పేమెంట్ కట్టి 14,000కి మాత్రం అప్పు తీసుకుంటే? కౌంటర్‌లో అడిగాను. నెలకి 1,307 అన్నారు, ఫీజు అదే 499. కాగితం కూడా పంపారు. అందులో ఏపీఆర్ 29.9! అప్పు తగ్గిస్తే శాతం పెరిగిందేమిటి?

---

ఆడిట్_అక్క · గురువారం రాత్రి 9:32

ఫీజు మారలేదు కాబట్టి. 24,000 మీద 589 అంటే పెద్దగా కనిపించదు, 14,000 మీద అదే 589 బరువుగా కనిపిస్తుంది. శాతం చూసి భయపడి పూర్తి అప్పు తీసుకోకు. వడ్డీ 1,680, ఫీజు 589, అదనం 2,269. ముందు లెక్కలో 3,469. పన్నెండు వందలు తక్కువ.

@వడ్డికాసులు ఇక్కడ నీ మాటే గెలిచింది, రూపాయలే చూడాలి.

---

వడ్డికాసులు · గురువారం రాత్రి 9:36

రాసిపెట్టుకుంటా ఈ రోజుని.

---

కౌంటర్_కుర్రాడు · గురువారం రాత్రి 10:10

పదివేలు నగదు కడుతున్నారు కాబట్టి ఆ వెయ్యిలో కొంతైనా తగ్గించమని అడగండి. నెలాఖరుకి టార్గెట్ మిగిలి ఉంటే మేనేజర్ వింటాడు. అమ్మేవాణ్ణి కాదు, మేనేజర్‌ని అడగాలి.

---

పాతబండి · గురువారం రాత్రి 10:25

లేదా చెల్లీ, స్క్రీన్ మార్పించేసుకో. ఎంత అవుతుందో అడిగావా?

---

హరిత_క · శుక్రవారం ఉదయం 7:48

అడిగాను అన్నా, 6,200 అన్నారు, అదీ ఒరిజినల్ కాదట. నాలుగేళ్ళ ఫోన్‌కి అంత పెట్టాలా అని ఆలోచిస్తున్నా. రేపు మేనేజర్ ఉంటాడట, పదివేలు పట్టుకుని వెళ్తున్నా. వెయ్యి తగ్గిస్తే 13,000కే అప్పు. వడ్డీ 1,560, ఫీజు 589, నెలకి 1,213 వస్తోంది నా లెక్కలో. అక్కా, ఇది కరెక్టేనా?

---

ఆడిట్_అక్క · శుక్రవారం ఉదయం 8:15

1,213.33. అక్కడ 1,214 కంటే ఎక్కువ అంటే అప్పులో ఏదో కలిపారని అర్థం. కాగితం అడుగు.